ట్రిగ్గర్ నొక్కాక మొదటి గుండు ఎందుకు ఆలస్యం? ఓపెన్ బోల్ట్, క్లోజ్డ్ బోల్ట్ గురించి సందేహం

ప్రణీత, బెళ్లందూరు
అందరికీ నమస్కారం. ఇక్కడ ఒక గేమ్ స్టూడియోలో తుపాకుల యానిమేషన్ నా పని. ఇప్పుడు పాత 9 ఎంఎం కార్బైన్, ఎంపీ5 రెండూ చేస్తున్నాను. రెండింటికీ ఒకే టైమింగ్ పెట్టాను. కార్బైన్ ఓపెన్ బోల్ట్ కాబట్టి ట్రిగ్గర్ నొక్కిన క్షణమే గుండు రాకూడదని చెప్పి రివ్యూలో తిప్పి పంపారు. ఎంత ఆలస్యం పెట్టాలి? మ్యాగజీన్ ఖాళీ అయ్యాక బోల్ట్ ఎక్కడ ఉంటుంది? ఓపెన్ బోల్ట్ కదా, హీట్ మీటర్ నెమ్మదిగా పెరగాలని మా డిజైనర్ అంటున్నాడు. అది సరైనదేనా? శుక్రవారం బిల్డ్ ఇవ్వాలి, కొంచెం టెన్షన్‌గా ఉంది.

కార్తీక్, వైట్‌ఫీల్డ్
మీ డిజైనర్ చెప్పింది కరెక్టే. ఓపెన్ బోల్ట్‌లో కాల్పులు ఆగగానే బోల్ట్ వెనక నిలబడుతుంది. బ్యారెల్ రెండు వైపులా తెరిచి ఉంటుంది కాబట్టి గాలి ఆడుతుంది, బ్యారెల్ వేడెక్కదు. చాలా మెషిన్ గన్లను అందుకే అలా చేస్తారు. మీటర్ సగం వేగంతో పెంచండి.

లావణ్య, కేఆర్ పురం
నేను ఎన్‌సీసీలో .22 రైఫిల్ కాల్చాను. రేంజ్‌లో మాకు మొదట నేర్పింది బోల్ట్ ఓపెన్ చేసి చూపించడమే. బోల్ట్ తెరిచి ఉంటే తుపాకీ సేఫ్ అని అర్థం. మరి ఓపెన్ బోల్ట్‌తో కాల్చడం ఎలా కుదురుతుంది? గేమ్‌లో బోల్ట్ తెరిచి చూపిస్తే పేలదని చూపించాలేమో కదా?

రెడ్డప్ప, హలసూరు
లావణ్యమ్మా, ముందు నీ మాటకే జవాబు చెప్పాలి, ఎందుకంటే అది ప్రాణాలతో పని. నీ .22లో బోల్ట్‌ను నువ్వే చేత్తో తీసి మూస్తావు. అది తెరిచి ఉంటే పేలదు, నీకు నేర్పింది నిజమే. కార్బైన్‌లో దీనికి పూర్తిగా తిరగబడిన లెక్క. బోల్ట్ వెనక ఉండి మ్యాగజీన్ ఎక్కించి ఉందంటే అది కాల్చడానికి సిద్ధంగా ఉన్నట్టు. చాంబర్ ఖాళీగానే కనిపిస్తుంది, కానీ బోల్ట్ ముందుకు జారితే చాలు, దారిలో ఒక రౌండును తోసుకెళ్లి పేల్చేస్తుంది. అందుకే ఖాళీ చేసేటప్పుడు మొదట మ్యాగజీన్ తీస్తాం, తర్వాత చాంబర్ చూస్తాం, ఆ తర్వాతే బోల్ట్‌ను ముందుకు వదులుతాం. ఈ వరస తప్పితే గుండు పేలుతుంది.

ఇక ప్రణీతమ్మా, నీ ప్రశ్న. మన కార్బైన్ ఇంగ్లండు స్టెర్లింగ్‌కు మన దేశంలో తయారైన రూపం. ట్రిగ్గర్ నొక్కితే బోల్ట్‌ను పట్టి ఉంచిన కొక్కెం వదిలేస్తుంది. స్ప్రింగు ఆ బరువైన ఇనుప ముద్దను ముందుకు తోస్తుంది, అది రౌండును చాంబర్‌లోకి నెట్టి పేలుస్తుంది. ఈ ప్రయాణమంతా నువ్వు ట్రిగ్గర్ నొక్కిన తర్వాతే. ఎంపీ5లో రౌండు ముందే చాంబర్‌లో ఉంటుంది, బోల్ట్ మూసి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే చిన్న హ్యామర్ ఒక్కటే కదులుతుంది. దానికి కొన్ని మిల్లీసెకన్లు చాలు.

గురిలో తేడా ఇక్కడే వస్తుంది. నువ్వు గురి కుదిరిందనుకుని నొక్కిన క్షణానికీ గుండు బయలుదేరిన క్షణానికీ మధ్య చేతిలో పెద్ద బరువు ముందుకు దూసుకెళ్తుంది. తుపాకీ కదులుతుంది, కాల్చేవాడి చెయ్యి కూడా ఆ ‘ఠక్’కు ముందే బిగుసుకుంటుంది. సింగిల్ షాట్లు కాల్చిన టార్గెట్ చూస్తే తెలిసిపోతుంది. అదే మనిషి ఎంపీ5తో కాలిస్తే రంధ్రాలు దగ్గరగా పడతాయి, కార్బైన్‌తో చెదురుతాయి. బర్స్ట్‌లో అయితే రెండో గుండు నుంచి ఈ తేడా అంతగా కనబడదు. అప్పటికే ఏ తుపాకీ అయినా ఎగురుతూ ఉంటుంది.

ప్రణీత
చాలా థ్యాంక్స్ రెడ్డప్ప గారూ. అంకె కావాలి కాబట్టి ఇలా లెక్క వేశాను. స్టెర్లింగ్ నిమిషానికి సుమారు 550 రౌండ్లు కాలుస్తుంది. 60ని 550తో భాగిస్తే ఒక్కో రౌండుకు 0.109 సెకను. అందులో బోల్ట్ వెనక్కి వెళ్లడం సగం, ముందుకు రావడం సగం అనుకుంటే ఆలస్యం సుమారు 0.05 సెకను. మా గేమ్ సెకనుకు 60 ఫ్రేములు, అంటే 3 ఫ్రేములు. సరిపోతుందా?

రెడ్డప్ప
సరిపోతుందమ్మా. కచ్చితంగా సగం సగం కాదు, కానీ కంటికి అదే వరస. ఆ 3 ఫ్రేముల్లో ముందు బోల్ట్ కదిలిన శబ్దం వినిపించు, తర్వాత మంట చూపించు. రెండూ ఒకేసారి వస్తే కార్బైన్ పట్టిన ఎవరికైనా తేడా తెలుస్తుంది.

ఖాళీ అయ్యే సంగతి. ట్రిగ్గర్ పట్టుకునే ఉంటే, చివరి రౌండు పేలాక బోల్ట్ మళ్లీ ముందుకొచ్చి ఖాళీ చాంబర్ మీద పడి అక్కడే ఆగుతుంది. కొత్త మ్యాగజీన్ పెట్టాక మళ్లీ కాక్ చేయాలి. సరిగ్గా చివరి రౌండు పేలిన వెంటనే వేలు తీసేస్తే మాత్రం బోల్ట్ వెనకే నిలబడుతుంది, తర్వాత నొక్కినప్పుడు గుండు రాకుండా ‘ఠక్’ మంటుంది. ఎంపీ5లోనూ ఖాళీ అయ్యాక బోల్ట్ వెనక ఆగదు. చిన్న ‘క్లిక్’ మాత్రమే వస్తుంది.

కార్తీక్ బాబూ, వేడి గురించి నువ్వు చెప్పింది సగమే. ఒక రౌండు పేలితే బ్యారెల్‌కు వచ్చే వేడి బోల్ట్ ఎలా ఉన్నా దాదాపు అంతే. గాలి ఆడటం వల్ల ఆగినప్పుడు కొంచెం త్వరగా చల్లారుతుంది, నిజమే. కానీ కాలుస్తున్నంతసేపూ వేడెక్కుతూనే ఉంటుంది. గాలితోనే పని జరిగితే మీడియం మెషిన్ గన్‌కు బ్యారెల్ మార్చే ఏర్పాటు ఎందుకు?

ఓపెన్ బోల్ట్ అసలు లాభం, ఆగినప్పుడు వేడి చాంబర్‌లో రౌండు లేకపోవడం. క్లోజ్డ్ బోల్ట్ తుపాకీతో వరసగా కాల్చి ఆపావనుకో, కొత్త రౌండు మండుతున్న చాంబర్‌లో కూర్చుని ఉంటుంది. పొయ్యి ఆర్పినా పెనం మీద అట్టు కాలినట్టు, ట్రిగ్గర్ ముట్టుకోకపోయినా లోపలి మందు వేడెక్కి దానంతట అదే పేలవచ్చు. కుక్ ఆఫ్ అంటారు. ఎం16కు అమెరికా సైన్యం ఇచ్చిన సూచన ఇది: వేడి బ్యారెల్‌లో రౌండు ఇరుక్కుంటే 10 సెకన్లలో తీసేయాలి. తీయలేకపోతే మ్యాగజీన్ తీసి, మూతి సురక్షితమైన వైపు ఉంచి 15 నిమిషాలు ఆగాలి.

ప్రణీత
అయితే హీట్ మీటర్ రెండింటికీ ఒకే వేగంతో పెంచుతాను. క్లోజ్డ్ బోల్ట్‌కు మాత్రం మీటర్ నిండాక ఆగితే, చేతిలో ఉన్న తుపాకీ దానంతట అదే ఒక గుండు పేల్చే అవకాశం పెడతాను.

రెడ్డప్ప
పెట్టమ్మా, కానీ ఒకటి రెండు మ్యాగజీన్లకు రాకూడదు. ఆగకుండా చాలా రౌండ్లు కాల్చినప్పుడే ఆ ప్రమాదం.

కార్తీక్
రెడ్డప్ప గారూ, మీరు చెప్పినట్టయితే బర్స్ట్ ఎక్కువ కాల్చే ఆయుధానికి ఓపెన్ బోల్టే మేలు. మరి అమెరికా మెరైన్లు తమ స్క్వాడ్లలో ఎం249 మెషిన్ గన్ బదులు ఎం27 రైఫిల్ తీసుకున్నారు కదా? ఎం249 ఓపెన్ బోల్ట్, ఎం27 క్లోజ్డ్ బోల్ట్.

రెడ్డప్ప
వాళ్లు గురికీ తేలికదనానికీ పెద్దపీట వేశారు. తక్కువ రౌండ్లతో తగలాల్సిన చోట తగిలితే చాలన్నది వాళ్ల వాదన. బెల్టుతో ఆగకుండా కాల్చి శత్రువును తల ఎత్తనివ్వకుండా చేయడం ఎం27తో ఎంతవరకు సాధ్యమని అడిగేవాళ్లూ ఉన్నారు. నేను ఆ రెండో పక్షం వాణ్ణే. రెండూ కలిపే ప్రయత్నం రెండో ప్రపంచ యుద్ధంలోనే జరిగింది. జర్మనీ ఎఫ్‌జీ 42 సింగిల్ షాట్లకు బోల్ట్ మూసి కాల్చేది, ఆటోమేటిక్‌లో తెరిచి కాల్చేది.

లావణ్య
అంటే ఒకే తుపాకీలో నాకు నేర్పిన ‘సేఫ్’ గుర్తు ఒక మోడ్‌లో పనిచేస్తుంది, ఇంకో మోడ్‌లో పనిచేయదా?

రెడ్డప్ప
ఏ మోడ్‌లోనూ బోల్ట్ ఒక్కదాన్నే చూసి సేఫ్ అనుకోకూడదమ్మా. మ్యాగజీన్ తీశారా, చాంబర్‌లో కళ్లతో చూశారా, ఈ రెండూ అడగాలి.