ఆటపట్టింపులో ఏ తిట్టు చెల్లుతుంది?

చివరి ఓవర్: డిస్కార్డ్‌లో మా క్రికెట్ గ్రూపులో 1,400 మంది ఉన్నాం. ఐపీఎల్ రోజుల్లో ఒకరినొకరు ఆటపట్టించుకోకపోతే అక్కడికి ఎవరూ రారు. కానీ గత నెలలో ఇద్దరు పాత సభ్యులు నొచ్చుకుని వెళ్లిపోయారు. చెల్లే తిట్లు, చెల్లని తిట్లు జాబితాగా రాసి పెడదామంటే మోడరేటర్లలోనే గొడవ. మీరైతే ఏం చేస్తారు?

గట్టు మీది చెట్టు: జాబితా జోలికి వెళ్లకండి. ఆరేళ్లుగా ఇలాంటి గ్రూపు చూసుకుంటున్నాను, మేమూ మొదట అదే చేశాం. ఆటోమాడ్‌లో ‘గాడిద’ పెట్టగానే ‘గాడిద గుడ్డేం కాదూ’ అన్నవాళ్ల సందేశాలన్నీ ఆగిపోయాయి. ‘వెధవ’ను ఆపితే `vedhava`, `vedava`, `v3dhava` అంటూ రోజుకో రూపం వచ్చింది. నిజంగా మనసు విరిచే మాటల్లో చాలావాటికి తిట్టు పదమే అక్కర్లేదు. ‘ఉద్యోగం లేనివాడికి మ్యాచ్ చూడటానికి తీరిక బాగానే ఉంటుంది’ అన్న వాక్యాన్ని ఏ వడపోత పట్టుకుంటుంది?

కృష్ణాతీరం: జాబితా లేకపోతే రేపు కేసు పడితే అడ్మినే జైలుకు వెళ్లాలి. సభ్యుడు ఏం రాసినా చట్టం ముందు బాధ్యత అడ్మిన్‌దే.

గట్టు మీది చెట్టు: అలా కాదండి. వాట్సాప్ గ్రూపులో సభ్యుడు పెట్టిన పోస్టుకు, అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. కానీ మీ భయంలో సగం నిజముంది. ఎస్సీ, ఎస్టీలను కులం పేరుతో నలుగురిలో దూషిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. అందుకే కులం, మతం, ఒంటి లోపం, ఇంటి ఆడవాళ్లు, ఈ నాలుగింటి మీద మాట పడితే మా దగ్గర సరదా అన్న వాదన వినం. జాబితా అంటూ ఉంటే ఇదొక్కటే. మిగతాదంతా చూసి తేల్చాల్సిందే.

ఐదో అంతస్తు: మా అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా ఇదే బాధ. నీళ్ల ట్యాంకర్ గురించి అడిగితే, మా అబ్బాయి వయసు కుర్రవాడు నన్ను ‘నువ్వు’ అని రాశాడు. తిట్టు ఒక్కటీ లేదు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దీనికి నియమం ఎవరు రాస్తారు?

గట్టు మీది చెట్టు: అమ్మా, మీది వేరే గ్రూపే అయినా అసలు సంగతి మీరే చెప్పారు. మేము తిట్టుకన్నా ముందు చూసేది పిలుపునే. రోజూ ‘ఏరా దద్దమ్మా’ అనుకునే ఇద్దరిలో ఒకరు హఠాత్తుగా ‘మీరు’లోకి మారితే సరదా అయిపోయిందని అర్థం.

ఒక సంఘటన చెబుతాను. ఒకాయన గెలుస్తుందన్న జట్టు ఓడింది. ఆయన మిత్రుడు ‘దద్దమ్మ’ అన్నాడు, ఈయన నవ్వి తిరిగి అన్నాడు. అక్కడికి బాగుంది. తర్వాత పది నిమిషాల్లో ఏడుగురు అదే మాట అందుకున్నారు. ఈయన జవాబులు వాక్యం నుంచి మాటకు, మాట నుంచి బొమ్మకు కుదించుకుపోయి ఆగిపోయాయి. మొదటి సందేశాన్ని మేము ముట్టుకోలేదు. స్లోమోడ్ 30 సెకన్లకు పెట్టి, తర్వాతి ఏడూ తీసేశాం. ‘ఇక చాలు’ అన్నాక కూడా రాసినవాడికి పది నిమిషాల టైమవుట్ ఇచ్చాం. అదే వారం మళ్లీ చేస్తే ఒక రోజు. ఆయనకు విడిగా ‘నొచ్చుకున్నారా?’ అని రాశాం. ‘అవును’ అనడానికి రెండు రోజులు పట్టింది. నలుగురిలో అడిగి ఉంటే ‘అబ్బే లేదు’ అనేవాడు.

మా నియమం ఇంతే: తిరిగి అనగలిగినవాడినే అనాలి, ‘వద్దు’ అంటే ఆ క్షణమే ఆపాలి, ఒకరి మీద ఇద్దరికి మించి పడకూడదు.

చివరి ఓవర్: వెళ్లిపోయిన ఇద్దరిలో ఒకరి పాత సందేశాలు ఇప్పుడే తీసి చూశాను. చివరి వారం మొత్తం నవ్వు బొమ్మలే. అది మాకు సమ్మతిలాగే కనిపించింది. ఆయన్ను తిరిగి పిలుస్తాను. ఇంకొకటి అడగాలి. యాసను ఎగతాళి చేయడం ఏ కోవలోకి వస్తుంది? శ్రీకాకుళం మిత్రుడిని అందరూ అనుకరిస్తారు, ఆయనా కలిసి నవ్వుతాడు.

కృష్ణాతీరం: కలిసి నవ్వుతుంటే ఇబ్బందేముంది? మీ నియమం ప్రకారమే చెల్లుతుంది కదా.

గట్టు మీది చెట్టు: ఆయన వరకు చెల్లుతుంది. అదే జిల్లా నుంచి కొత్తగా చేరి, నోరు మెదపకుండా చదువుతున్నవారి సంగతి? మా మోడరేటర్లు ఐదుగురం దీని మీద రెండుసార్లు ఓటు వేశాం. రెండుసార్లూ 3–2, ఒకసారి ఇటు, ఒకసారి అటు.