తాళం తిరగదు, బయటికి రాదు, స్టీరింగ్ కదలదు: బలం ఎక్కడ పెట్టాలి?

వానచినుకు: కారు ఆపి తాళం తీసి, స్టీరింగ్ పట్టుకుని దిగబోయాను. టక్కుమని బిగిసిపోయింది. మళ్ళీ తాళం పెడితే తిరగదు, ఇప్పుడు బయటికీ రావట్లేదు. ఏం చెయ్యాలి?

పాతబండి: లోపల దుమ్ము పట్టి ఉంటుంది. నూనె స్ప్రే కొట్టి గట్టిగా తిప్పండి. నేనంతే చేశా, ఐదు నిమిషాల పని.

మూడోగేరు: గట్టిగా మాత్రం తిప్పకండి. తాళంచెవి విరిగితే సగం లోపలే ఉండిపోతుంది. స్టీరింగ్‌ని పట్టుకున్నది గాడిలో దిగిన పిన్ను. పక్క నుంచి ఒత్తిడి పడుతోంది కాబట్టి అది వెనక్కి జారట్లేదు. స్టీరింగ్ రెండు వైపులా కదిపి చూడండి. ఒక వైపు రాయిలా ఆగుతుంది, రెండో వైపు ఇసుమంత ఇస్తుంది. ఇచ్చే వైపే లాగి పట్టుకుని, తాళం రెండు వేళ్ళతో తిప్పండి.

చిన్నడిక్కీ: ఆటోమేటిక్ అయితే గేరు పీలో ఉందా చూడండి.

మూడోగేరు: అది బండి ఆపాక తాళం రాకపోతే చూడాలి. ఈయన ఒకసారి తీసి మళ్ళీ పెట్టారు కదా.

పాతబండి: పిన్నే కారణమైతే నాకు స్ప్రేతో ఎలా వచ్చింది?

మూడోగేరు: రెండో చెయ్యి స్టీరింగ్ మీద ఉండి ఉంటుంది.

పాతబండి: పక్కన కూర్చుని చూసినట్టు చెప్తున్నారే!

ఎర్రలైటు: ఇలాగే మొరాయిస్తే ఒక వర్క్‌షాపులో నాకు తాళం సెట్టు మొత్తం మార్చేశారు. వారానికే మళ్ళీ బిగిసింది. తప్పు తాళంలోనే అన్న మాట వింటేనే ఒళ్ళు మండుతుంది.

వానచినుకు: స్టీరింగ్ ఏ వైపూ ఇవ్వట్లేదండీ. ముందు టైరు ఫుట్‌పాత్ అంచుకి నొక్కుకుని ఉంది.

మూడోగేరు: అసలు సంగతి అదీ. ఒత్తిడంతా టైరు నుంచి వస్తోంది. నేల చదునుగా ఉంటేనే గేరు న్యూట్రల్ చేసి, కాలు బ్రేకు మీద ఉంచుకుని హ్యాండ్‌బ్రేకు దించండి. ఎవరితోనైనా జానెడు వెనక్కి నెట్టించండి. వాలైతే వద్దు. ఈలోగా తాళాన్ని తిప్పి పట్టుకోకండి. సగం తిరిగిన తాళం ఎటూ రాదు. వదిలేసి, లోపలికి పూర్తిగా నొక్కి, లాక్ గుర్తుకి తెచ్చి లాగండి.

పాతబండి: నాకు చక్రాలు నిటారుగా ఉన్నా రోజూ పట్టేసేది. దానికేమంటారు?

మూడోగేరు: ఈ ముక్క మొదటే చెప్పాల్సింది! స్టీరింగ్ వదులుగా ఉన్నా తిరగలేదంటే తాళమో, తాళంచెవో అరిగినట్టు. రెండో తాళంచెవి పెట్టి చూడాలి. అది హాయిగా తిరిగితే పాతది అరిగింది. అదీ తిరగకపోతే తాళం లోపలి భాగం మెకానిక్‌కి చూపించాలి. నూనె స్ప్రే దుమ్ముని పోగుచేస్తుంది, గ్రాఫైట్ పొడి నయం.

పాతబండి: మూడేళ్ళుగా స్ప్రేనే. దుమ్మూ లేదు, ధూళీ లేదు.

వానచినుకు: వెనక్కి నెట్టగానే స్టీరింగ్ కుడికి కొంచెం కదిలింది. అటే పట్టుకుని తిప్పితే తాళం తిరిగింది. ఆపి తీస్తే బయటికీ వచ్చింది. తాళంచెవి కాస్త వంగినట్టుంది, వాడొచ్చా?

మూడోగేరు: వద్దు. రెండోది వాడండి.

పాతబండి: సరిచేసి స్ప్రే కొడితే వస్తుంది.