కేకుల ఇన్‌స్టా పేజీలో రేట్లు పెట్టాలా, దాచుకోవాలా?

స్రవంతి, కావలి: ఇంట్లో కేకులు చేసి అమ్మడం మొదలుపెట్టి రెండు నెలలైంది. ఇన్‌స్టా పేజీకి 11 ఫోటోలున్నాయి. బయోలో ఏం రాయాలి, హైలైట్స్ ఎన్ని పెట్టాలి? తొమ్మిది పోస్టులు కలిసి ఒక పెద్ద లోగోలా కనబడే గ్రిడ్ చేయాలని ఉంది. రేట్లు పెట్టాలా వద్దా?

సుజాత, ఒంగోలు: గ్రిడ్ గురించి చెప్తాను. నాది పేస్టల్ థీమ్. ఒక పోస్టు గులాబీ రంగు, తర్వాతది తెలుపు, మళ్ళీ గులాబీ, చెస్ బోర్డులా ఉంటుంది. చూడగానే చాలా నీట్‌గా ఉందంటారు. ఫోటోలన్నీ చతురస్రంగా 1080x1080లో కట్ చేసి పెట్టు. బయోలో పేరు స్టైలు అక్షరాల్లో రాస్తే క్లాసీగా ఉంటుంది.

కిరణ్, పొదలకూరు రోడ్డు: సుజాత గారూ, రంగులు ఒక పద్ధతిలో ఉండాలన్నది సరే. చతురస్రం మాత్రం పాత లెక్క. 2025 జనవరి నుంచి ప్రొఫైల్లో గళ్ళు నిలువుగా, 3:4లో కనబడుతున్నాయి. చతురస్రం ఫోటో పెడితే గడిలో కుడి ఎడమ అంచులు తెగిపోతాయి. అంచు దాకా 'హ్యాపీ బర్త్‌డే' అని రాసిన ఫోటో 'పీ బర్త్‌' అవుతుంది. నేను చూసుకునే ఒక చీరల షాపు పేజీలో పాత పోస్టులన్నీ ఇలాగే అయ్యాయి, రెండు రోజులు కూర్చుని ఒక్కోదాని ప్రివ్యూ సర్దుకున్నాం.

స్రవంతి గారూ, లోగో గ్రిడ్ వద్దు. ఆ తొమ్మిది ముక్కల్ని కింది వరస కుడి చివర నుంచి వెనక్కి ఎక్కించాలి. అది అయ్యాక పదో పోస్టు పెట్టగానే అన్నీ ఒక గడి జరిగి లోగో ముక్కలైపోతుంది. మళ్ళీ సరిగ్గా రావాలంటే ప్రతిసారీ మూడేసి పోస్టులు పెట్టాలి. వారానికి రెండు కేకులు చేసేవాళ్ళు మూడో పోస్టు ఎక్కడి నుంచి తెస్తారు? పైగా రీల్స్‌లోనో ఫీడ్‌లోనో ఆ ముక్క ఒక్కటే కనబడితే అదేంటో ఎవరికీ అర్థం కాదు.

దానికి బదులు పైన మూడు పోస్టులు పిన్ చేయండి, మూడు వరకు పిన్ చేసుకోవచ్చు. మొదటిది అరకిలో కేకు, పక్కన చెయ్యో చెంచానో ఉండాలి. ఫోటోలో అరకిలో, కిలో ఒకేలా కనబడతాయి, ఇంటికొచ్చాక 'ఇంత చిన్నదా' అంటారు. రెండోది కోసిన ముక్క, లోపల ఎలా ఉందో తెలియాలి. మూడోది ఆర్డరు ఎలా ఇవ్వాలో చెప్పే చిన్న రీల్. ఇక ఉన్న 11 ఫోటోల్లో ట్యూబ్‌లైటు కింద తీసినవన్నీ తీసేయండి. మిగిలేవి ఆరేడే అయినా పర్లేదు.

స్రవంతి, కావలి: తీసేస్తే నాలుగే మిగిలాయి అన్నా 😭

కిరణ్, పొదలకూరు రోడ్డు: నాలుగు చాలు. ఉదయం కిటికీ పక్కన, అదే బల్ల మీద, అదే ప్లేటుతో మిగతావి తీసుకో. అలా తీస్తే ఒకే రకం గ్రిడ్ దానంతటదే వస్తుంది, చెస్ బోర్డు అక్కర్లేదు.

మాల్యాద్రి: కొనేవాణ్ణి నేను చెప్తా వినండి. పోయిన మే నెలలో మా పాప పుట్టినరోజుకి ఒకచోట కేకు చెప్పాను. మధ్యాహ్నం రెండింటికి బండి మీద తెచ్చారు. డబ్బా తెరిస్తే క్రీమంతా ఒక పక్కకి జారిపోయి ఉంది. అడిగితే 'దూరం కదండీ' అన్నారు. పైగా మా అమ్మ గుడ్డు తినదు, అందులో గుడ్డుందని కోశాక చెప్పారు. ఇన్‌స్టాలో ఎంత అందంగా ఉంటే ఏం లాభం? కేకు సరిగ్గా చేయడం నేర్చుకోండి ముందు.

కిరణ్, పొదలకూరు రోడ్డు: మాల్యాద్రి గారూ, ఆమె అడిగింది కేకు ఎలా చేయాలని కాదు. కానీ మీరు చెప్పిన రెండూ బయోలో ఉండాల్సినవే. ఎగ్ ఉందా లేదా, డెలివరీ ఎంత దూరం. బయోకి 150 అక్షరాలే ఇస్తారు. 'మేడ్ విత్ లవ్', 'స్వీట్ మెమరీస్' లాంటివి రాస్తే దీనికి చోటుండదు. స్రవంతికి నేనైతే ఇలా రాస్తా:

```
Name: Cakes in Kavali | Sravanthi

Egg & eggless cakes, baked at home
Order 2 days before, 1/2 kg onwards
Pickup & delivery: Kavali town only
Rates: see highlight below
```

యూజర్‌నేమ్ కింద లావు అక్షరాల్లో కనబడే పేరు గడి వేరు, బయో వేరు. పేరు గడిలో ఉన్న మాటలు వెతుకులాటలో దొరుకుతాయి, అందుకే ఊరు, కేకు రెండూ అక్కడే పెట్టాను. సుజాత గారు చెప్పిన స్టైలు అక్షరాలు చూడటానికే ఇంగ్లిష్‌లా ఉంటాయి, ఫోను వాటిని వేరే గుర్తులుగా లెక్కేస్తుంది. 'kavali cakes' అని కొడితే మీరు రాకపోవచ్చు, కొన్ని ఫోన్లలో ఉత్త డబ్బాలు కనబడతాయి. ఆ పేరు 14 రోజుల్లో రెండుసార్లే మార్చనిస్తారు, ఆలోచించి పెట్టండి. ఇంటి డోర్ నంబరు మాత్రం ఎక్కడా రాయొద్దు, ఆర్డరు ఖాయమయ్యాక వాట్సాప్‌లో చెప్పండి.

నాయుడుపేట శీను: ఎఫ్ఎస్ఎస్ఏఐ ఫుడ్ రిజిస్ట్రేషన్ నంబరు బయోలో వేయాలి కదా?

కిరణ్, పొదలకూరు రోడ్డు: ఇంట్లో చేసి అమ్మినా రిజిస్ట్రేషన్ తీసుకోవాలి శీనూ. 14 అంకెలు బయోలో చోటు తినేస్తాయి, ఆర్డర్ హైలైట్‌లో పెడితే చాలు.

లక్ష్మి, దర్గామిట్ట: అంతా బాగానే ఉంది గానీ ఆ చివరి లైను తీసెయ్యి కిరణ్. రేట్లు హైలైట్‌లో పెట్టమని కొత్త పిల్లలకి చెప్పొద్దు. ఆరేళ్ళుగా చేస్తున్నాను, నా పేజీలో రేటు ఎక్కడా ఉండదు. కేకు అంటే కిలో ఉల్లిపాయలు కాదు. ఒకరు ప్లెయిన్ చాక్లెట్ అంటారు, ఇంకొకరు రెండంతస్తులు, పైన బొమ్మ అంటారు. ఏది ఎంతో మాట్లాడాకే తెలుస్తుంది.

కిరణ్, పొదలకూరు రోడ్డు: అక్కా, బొమ్మ కేకుకి రేటు పెట్టమనలేదు. మామూలు నాలుగు రకాలకి అరకిలో, కిలో రేటు పెట్టి, మిగతావాటికి 'ఇక్కడి నుంచి మొదలు' అంటే చాలు. రేటు లేని పేజీకి మెసేజ్ పెట్టడానికే చాలామందికి మొహమాటం. అడిగి, ఎక్కువ అనిపిస్తే వద్దని ఎలా చెప్పాలని అసలు అడగరు.

లక్ష్మి, దర్గామిట్ట: '450 నుంచి' అని రాస్తే 'నుంచి' ఎవడూ చదవడు నాయనా. 450 ఒక్కటే చదువుతారు. నేను ఒకసారి పెట్టి చూశాను. యూనికార్న్ కేకు ఫోటో పంపి 450కే చేయమన్నారు. కుదరదంటే స్క్రీన్‌షాట్ చూపించి మోసం అన్నారు. అది కూడా పాత రేటు, వెన్న ధర పెరగక ముందుది.

కిరణ్, పొదలకూరు రోడ్డు: పాత రేటు అలా ఉండిపోయింది హైలైట్‌ని మర్చిపోవడం వల్ల. స్టోరీ 24 గంటల్లో పోతుంది, హైలైట్ మనం తీసేదాకా ఉంటుంది. రేటు కార్డు మీద నెల, ఏడాది వేయాలి. మారినప్పుడు పాతది తీసి కొత్తది పెట్టాలి. ఇందులో ఇంకో చిక్కు ఉంది. దేంట్లో కొత్తగా కలిపితే ఆ హైలైట్ వరసలో ముందుకొస్తుంది. కస్టమర్ల రివ్యూలు కలుపుతూ పోతే రేట్లు వెనక్కి పోతాయి. నెలకోసారి రేటు కార్డు మళ్ళీ కలిపితే అది ముందుకొస్తుంది. స్రవంతికి నాలుగు చాలు: రేట్లు, ఆర్డర్, కేకులు, రివ్యూలు. కవరు గుండ్రంగా, చిన్నగా కనబడుతుంది కాబట్టి ఒక్క బొమ్మ మధ్యలో ఉండాలి, లేత రంగు మీద లేత అక్షరాలు పెడితే కనబడవు.

లక్ష్మి, దర్గామిట్ట: నువ్వు మళ్ళీ కవర్ల దగ్గరికే పోతున్నావు. నేనడిగేది వేరు. రేటు చూసేది కస్టమరు ఒక్కరే అనుకుంటున్నావా?

సుజాత, ఒంగోలు: అంటే?

లక్ష్మి, దర్గామిట్ట: అంటే పక్క వీధిలో కేకు చేసేవాళ్ళు కూడా చూస్తారు. నా దగ్గర ఫీజు కట్టి మూడు రోజులు క్లాసుకొచ్చిన ఒక అమ్మాయి, నెల తిరక్కుండా పేజీ పెట్టింది. నేను కిలో 900 చెప్తే తను 850. నేను 850 అంటే తను 800. హైలైట్స్ పేర్లు నావే, బయోలో మాటలు నావే. అప్పుడే తీసేశాను రేట్లు. ఈ చిన్న ఊళ్ళో పదిమంది కేకులు చేస్తే, రేట్లు అందరికీ కనబడితే, చివరికి మైదా ఖర్చు కూడా రాదు.

కిరణ్, పొదలకూరు రోడ్డు: అంటే మీ గొడవ ఆ అమ్మాయితో, రేటు కార్డుతో కాదు.

లక్ష్మి, దర్గామిట్ట: తెలిసే మాట్లాడుతున్నావా? ఆ పేజీ సెట్ చేసింది ఎవరో నాకు తెలియదనుకున్నావా?

కిరణ్, పొదలకూరు రోడ్డు: నేనే చేశాను అక్కా, దాచేదేం లేదు. డబ్బులు తీసుకుని చేశాను. తను మీ దగ్గర నేర్చుకుందని అప్పుడు తెలియదు. బయోలో మాటలు మీవని ఇప్పుడు వింటున్నాను. రేటు ఎంత పెట్టాలో నేను చెప్పలేదు. తను 800కి ఇస్తే ఆ నష్టం తనది.

లక్ష్మి, దర్గామిట్ట: తనది కాదు, మా అందరిదీ. మొదటి ఆరు నెలలు తనకి నష్టమని కూడా తెలియదు. గ్యాసు, కరెంటు, తన చేతి కష్టం లెక్కేసుకోదు. ఆ ఆరు నెలల్లో నా కస్టమర్లకి 800 అలవాటవుతుంది. తర్వాత తను మానేస్తుంది, నేను మాత్రం ఇక్కడే ఉండాలి.

నాయుడుపేట శీను: అక్క చెప్పింది నిజమే. మా వీధిలో ముగ్గురు మొదలుపెట్టారు, ఇద్దరు ఆపేశారు.

మాల్యాద్రి: కొనేవాడికి రేటు తెలియకూడదని పెద్దలు మాట్లాడుకుంటున్నారు, బాగుంది. రేటు లేని పేజీ నేనైతే దాటుకుని పోతా.

సుజాత, ఒంగోలు: స్రవంతీ, నువ్వు అసలు అరకిలో ఎంతకి ఇస్తున్నావు?

స్రవంతి, కావలి: చాక్లెట్ 350 అక్కా. డబ్బా, కింది అట్ట, క్రీము, కరెంటు అన్నీ రాసుకుని ఇప్పుడే లెక్కేశాను, సామానుకే 260 దాకా అవుతోంది. నా నాలుగు గంటలకి 90.

లక్ష్మి, దర్గామిట్ట: చూశావా కిరణ్? ఆ 350 హైలైట్‌లో వేస్తే అదే కావలి రేటు అయిపోతుంది.

కిరణ్, పొదలకూరు రోడ్డు: ముందు రేటు సరిచేసుకుని తర్వాత వేయమంటా, వేయొద్దని మాత్రం అనను. 350 తప్పని తనకి ఇవాళ తెలిసింది పదిమందిలో చెప్పుకోబట్టే.

లక్ష్మి, దర్గామిట్ట: ఇక్కడ మాకు చెప్పుకోవడం వేరు, పేజీలో వేయడం వేరు.

స్రవంతి, కావలి: అన్నా, అక్కా, ఇద్దరికీ థాంక్స్. పేరు గడి, బయో అలాగే పెట్టేశాను. అరకిలో 480 చేశాను. రేట్ల హైలైట్‌లో మామూలు రకాలు మూడే వేశాను, బొమ్మ కేకులకి 'ఫోటో పంపండి' అని రాశాను, 'నుంచి' అని రాయలేదు. మధ్యాహ్నం డెలివరీ లేదు, సాయంత్రం ఐదు తర్వాతే అని ఆర్డర్ హైలైట్‌లో పెట్టాను. ఒక్క డౌటు: 350కి తీసుకున్న ఎదురింటి ఆంటీ వచ్చే వారం మళ్ళీ చెప్పారు. ఆమెకి ఎంత చెప్పాలి?

లక్ష్మి, దర్గామిట్ట: 480 చెప్పు. నీ పేజీ చూసే ఉంటుందిలే.