ఒకే నగలు, ఒకే బ్యాంకు, రెండు అప్పు మొత్తాలు: ఏది నిజం?

పద్మ, ఖమ్మం: పాప కాలేజీ ఫీజుకి రెండున్నర లక్షలు కావాలి. గాజులు, నెక్లెస్, ఒక గొలుసు కలిపి 34 గ్రాములు తీసుకెళ్ళాను. అప్రైజర్ 30 గ్రాములే లెక్క కట్టారు. గ్రాముకు 13,000 వేశారు. ఆ రోజు షాపుల్లో 22 క్యారెట్ రేటు 13,400 ఉంది. ఇదంతా ఒక ఎత్తు. నెలనెలా వడ్డీ కడితే 3,12,000 వరకు ఇస్తారట, ఏడాది చివర అసలూ వడ్డీ ఒకేసారి కడితే 2,78,500 దాకానేనట. బంగారం అదే కదా, అప్పు ఎందుకు తగ్గింది?

సురేశ్: మోసమండీ. రిజర్వ్ బ్యాంకు రూల్ 75 శాతం. మీ 3,90,000కి 2,92,500 రావాలి. ఆ రెండు అంకెలూ తప్పే.

రాజారావు, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి: సురేశ్ గారూ, 75 చాలాకాలం నడిచిన మాట నిజమే. 2026 ఏప్రిల్ 1 నుంచి సొంత ఖర్చుల కోసం తీసుకునే అప్పుకి మూడు మెట్లు ఉన్నాయి. రెండున్నర లక్షల వరకు 85 శాతం, అక్కణ్ణుంచి 5 లక్షల వరకు 80, ఆపైన 75. ఇది గరిష్ఠ పరిమితి, అంత ఇచ్చి తీరాలని కాదు.

అమ్మా, 3,90,000లో 80 శాతం 3,12,000. మీ మొదటి అంకె అది. రెండో పద్ధతిలో మీరు ఏడాది పాటు ఏమీ కట్టరు, వడ్డీ పెరుగుతూ పోతుంది. అందుకని గడువు నాటికి మీరు కట్టాల్సిన మొత్తం, అంటే అసలు ప్లస్ వడ్డీ, 80 శాతం దాటకూడదని రూల్. మీకు వడ్డీ 12 శాతం చెప్పి ఉంటారు. 2,78,500కి ఏడాది వడ్డీ 33,420. కలిపితే 3,11,920. సరిగ్గా అంచుకి వచ్చి ఆగింది చూడండి.

పద్మ: అవును సార్, 12 శాతమే అన్నారు! మరి 13,000 రేటు?

రాజారావు: వాళ్ళు ఆ రోజు షాపు రేటు వేయరు. గడిచిన 30 రోజుల ముగింపు ధరల సగటు, నిన్నటి ముగింపు ధర, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది. ధర ఎక్కుతున్న రోజుల్లో సగటు వెనకబడే ఉంటుంది. ఇక మీరు షాపులో కట్టిన మజూరీ, తరుగు ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

శ్రీను, గుంటూరు: మా ఇంటి మీద లోన్ కూడా ఇంతేనండీ. మార్కెట్లో 60 లక్షలు పలికే ఇల్లు, బ్యాంకు వాల్యుయర్ 40 రాశాడు, అందులో 60 శాతం అని 24 లక్షలిచ్చారు. ఏం చేయాలి?

రాజారావు: ఇల్లు వేరే కథ శ్రీనూ, దానికి బంగారంలా రోజువారీ రేటు ఉండదు. వాల్యుయర్ రిపోర్ట్ అడగండి, దేనికి ఎంత కోశాడో అందులో ఉంటుంది. వేరే ప్రశ్నగా పెట్టండి, ఇక్కడ కలిసిపోతుంది.

జ్యోతి, సిద్దిపేట: పద్మక్కా, 4 గ్రాములు దేనికి తీసేశారో అడిగినవా? మా అమ్మ గాజుల్లో లక్క నిండా ఉండె. రాళ్ళు, పూసలు, లక్క అన్నీ తీసే తూకం చూస్తరు. కానీ కొందరు కళ్ళతోనే చూసి గుండుగుత్తగా కోసేస్తరు.

పద్మ: నెక్లెస్‌కి రాళ్ళున్నాయి. 4 గ్రాములుంటాయా అనేదే డౌట్.

రాజారావు: పరీక్ష మీ ఎదురుగానే జరగాలి. మొత్తం తూకం, తీసేసిన తూకం, నికర తూకం, స్వచ్ఛత రాసిన సర్టిఫికెట్ నగల ఫోటోతో సహా మీకివ్వాలి. రాళ్ళ బరువు ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. సంతకం పెట్టకముందే ఇంకో బ్యాంకులో చూపించండి.

సురేశ్: సరే, 75 పాతదన్నమాట. అయితే ఆమెకి కావాల్సింది రెండున్నర లక్షలేగా, 85 శాతం మెట్టులో పడుతుంది. నెలనెలా వడ్డీ కట్టే పద్ధతిలో 2,94,000 విలువ చాలు, అంటే 23 గ్రాముల లోపే. గొలుసు ఇంట్లో పెట్టుకోవచ్చు కదా?

రాజారావు: లెక్క సరిగ్గా ఉంది. నేనైతే అలా చేయను. ఈ శాతం అప్పు ఇచ్చిన రోజు ఒక్కటే చూసేది కాదు, అప్పు తీరేదాకా దాటకూడదు. 23 గ్రాముల మీద రెండున్నర లక్షలు తీసుకున్నాక రేటు 10 శాతం పడితే విలువ 2,69,000కి వస్తుంది. దానికి 85 శాతమంటే 2,29,000 లోపే. అప్పుడు ఓ 21 వేలు కట్టమనో, ఇంకో నగ తెమ్మనో ఫోన్ వస్తుంది. అదే 30 గ్రాములూ పెడితే అంత పడినా 2,98,000 హద్దు, టెన్షన్ ఉండదు.

జ్యోతి: గొలుసు ఇంట్ల ఉంటే ఆ ఫోన్ వచ్చినప్పుడే తీసుకపోయి పెట్టొచ్చు కదా సార్. ముందే ఎందుకు పెట్టాలె?

రాజారావు: ఆ మాటా కాదనలేను. ఫోన్ వచ్చిన రోజున గొలుసు చేతిలో ఉంటుందన్న నమ్మకం ఉంటే మీ దారే బాగుంది.

పద్మ: నెలకి 2,500 వడ్డీ కట్టగలను. గొలుసు సంగతి ఆయనతో మాట్లాడతాను. ముందు నెక్లెస్ ఇంకో బ్యాంకులో తూయిస్తాను, సోమవారం చెప్తా.