దృశ్యం చూశాక దృశ్యం 2 చూడాలా?

వెంకటేశ్ 'దృశ్యం' (2014) చివర్లో, హీరో రాంబాబు దాచిన కుర్రాడి శవం కొత్త పోలీస్ స్టేషన్ కిందే ఉందని తెలుస్తుంది. ఆ రహస్యం రాంబాబుకీ మనకీ మాత్రమే తెలియడంతోనే కథ నిండుగా ముగిసింది. 2021లో రెండో భాగం నేరుగా ఓటీటీకి వచ్చింది. చూడాలా వద్దా?

తేలని విషయాలు రెండున్నాయి: కొడుకు శవం ఎక్కడుందో తెలియని ఆ కుర్రాడి తల్లిదండ్రుల బాధ, రాంబాబు పిల్లల భయం. సీక్వెల్ వీటిలోంచే పుడితే చూస్తాను. మొదటి భాగంలో జాడే లేని సాక్షినో ఆధారాన్నో తెచ్చి పాత ముగింపును తిరగరాస్తే మాత్రం వద్దు. అప్పుడు మళ్లీ మొదటిది చూసినా ఆ చివరి షాట్ బలం తగ్గిపోతుంది.

రెండూ చూసినవాళ్లు కథ విప్పకుండా చెప్పగలరా: చిక్కు పాతదేనా, కొత్తగా తెచ్చిందా?