గీతలు 68, ఇళ్లు 67: శాతాల మొత్తం 100 వచ్చిన లెక్కే ఉంచాలా?

సుద్దముక్క: మా ఎనిమిదో తరగతి పిల్లలు 67 ఇళ్లు తిరిగి, తాగే నీళ్లు ఎక్కడివని అడిగి గీతలు పెట్టారు. కాగితం బడిలో ఉండిపోయింది, నా దగ్గర ఫొటో మాత్రమే ఉంది. లెక్కపెడితే ప్లాంటు క్యాన్ 32, కుళాయి 19, బోరు 12, బావి 5. శాతాలు 47, 28, 18, 7. సరిగ్గా 100. కానీ గీతలు 68 అయ్యాయి! ప్లాంటు వరుసలో ఒకటి తీసేసి 31 అంటే శాతాల మొత్తం 99 వస్తోంది. 100 వచ్చిన లెక్కే ఉంచేయనా?

పల్లెబాట: ఉంచేయండి మాస్టారూ. శాతం అంటేనే నూటికి కదా, 99 కనిపిస్తే చూసినవాళ్లు మొదట అదే అడుగుతారు. 31 సరైనదని మీకు గట్టిగా అనిపిస్తే 46ను 47 చేయండి. పెద్ద అంకెకు ఒకటి కలిపితే పెద్దగా తేడా తెలియదు.

జొన్నకంకి: వద్దండీ. 100 వచ్చినంత మాత్రాన గీతలు సరిగ్గా లెక్కపెట్టినట్టు కాదు. ఏ అంకెలనైనా వాటి మొత్తంతోనే భాగిస్తే 100 చుట్టుపక్కలకే వస్తుంది. కుళాయిని పొరపాటున 29 అని చదివి ఉన్నా 99 వచ్చేది, శాతాలు చూస్తే ఆ తప్పు తెలిసేదే కాదు. తప్పు పట్టించేది ఇళ్ల జాబితాలోని 67 ఒక్కటే.

ఫొటోను పెద్దది చేసి ప్లాంటు వరుస చివర చూడండి. పెన్ను గీత గడిలోనే ఆగుతుంది. కాగితం మడత అయితే గడి దాటి కింది వరుసలోకి దిగుతుంది, దానికి ఒక పక్క తెల్లగా, ఇంకో పక్క నీడగా ఉంటుంది. ఆ తర్వాత ప్రతి కట్టలో నిలువు గీతలు విడిగా లెక్కపెట్టండి. నాలుగు నిలువు, ఒకటి అడ్డం ఉండాలి. కొందరు పిల్లలు ఐదు నిలువుగా గీసి ఆరోదాన్ని అడ్డంగా కొడతారు, మనం దాన్నీ ఐదే అనుకుంటాం. లెక్కైన కట్ట మీద ఫోన్‌లోనే రంగు చుక్క పెడుతూ పోండి. మీ అంకె చెప్పకుండా ఇంకొకరి చేత కూడా లెక్కపెట్టించండి.

నాగలి: మాకూ ఇదే ఇబ్బంది వచ్చింది. మా రైతు సంఘంలో ఏయే పంటలు వేశారని 40 మందిని అడిగితే 71 గీతలు పడ్డాయి. మేం 71తో భాగించాం. వరి వేసినవాళ్లు 30 మంది అయితే 42 శాతమే అని రాసేశాం. నిజానికి 40 మందిలో 30 అంటే 75 శాతం! మీ పిల్లలు కూడా ఒక ఇంటికి రెండు గీతలు పెట్టారేమో అడగండి.

జొన్నకంకి: నాగలి గారిది వేరే రకం ప్రశ్న. అందులో ఒక్కొక్కరు రెండు మూడు జవాబులు చెప్పొచ్చు. కానీ అనుమానం సరైనదే. ఒక ఇల్లు రెండూ చెప్పి, రెండు గీతలూ పడి ఉంటే 32 ఉంచి 67తోనే భాగించాలి. అప్పుడు 48, 28, 18, 7 వచ్చి మొత్తం 101 అవుతుంది. అదీ తప్పు కాదు, కింద ఒక వాక్యంలో కారణం రాస్తే చాలు.

పల్లెబాట: మరి ఎక్సెల్‌లో 46, 28, 18, 7 కొడితే కింద 100 చూపిస్తోందే?

జొన్నకంకి: మీరు ఆ అంకెలు కొట్టలేదు, భాగహారం పెట్టారు. లోపల 46.27, 28.36, 17.91, 7.46 ఉన్నాయి, అది వాటిని కూడింది. పైకి కనిపించేవి మాత్రం సవరించినవి. ఒక దశాంశం చూపించమనండి, కనిపించేవి కూడితే 100.1 అవుతుంది.

వేపచెట్టు: 100 చేసి తీరాలంటే ఆ ఒకటి ప్లాంటుకు కాదు, బావికి చేరాలి. కిందికి సవరించిన మూడింటిలో .46 అన్నిటికంటే ఎక్కువ భాగం పోగొట్టుకుంది. కాబట్టి 46, 28, 18, 8.

జొన్నకంకి: ఆ పద్ధతి తెలుసండీ, సీట్లు పంచేటప్పుడు న్యాయమే. ఇక్కడ నాకు నచ్చదు. 7.46ను 8 అని ఎందుకు రాయాలి? పక్కన 5 ఇళ్లు అని వేసి, మొత్తం 99 ఉంచితే చదివేవాడికి నిజం కనబడుతుంది. వృత్తచిత్రం గీయిస్తే శాతాల జోలికే పోవద్దు, ఇళ్ల సంఖ్యను 360తో గుణించి 67తో భాగించండి. కోణాలు 167, 102, 64, 27 వస్తాయి.

వేపచెట్టు: పట్టిక చదివేది ఊరివాళ్లు. 99 చూస్తే వాళ్ల అనుమానం పిల్లల లెక్క మీదికే పోతుంది. నేను 8 అనే రాస్తాను.

సుద్దముక్క: ఫొటో పెద్దది చేశాను. ప్లాంటు వరుసలో ఆరు కట్టలు, రెండు విడి గీతలు. ఆ రెండోది కుళాయి వరుసలోకి దిగింది, అంచు తెల్లగా ఉంది. మడతే. అంటే 31. అయితే ఒక అమ్మాయిని ఫోన్‌లో అడిగితే, ఒకింటివాళ్లు క్యాన్, కుళాయి రెండూ చెప్పారంది. రెండు గీతలు పెట్టిందో లేదో గుర్తులేదట. పెట్టి ఉంటే 67లో ఒక ఇల్లు తప్పిపోయినట్టే. రేపు కాగితం, ఇళ్ల జాబితా పక్కపక్కన పెట్టుకుని చూస్తాను.