‘సొంతవాడకాల కింద, కొన్న ధరకు, పన్ను కలిపి’: ఈ ముక్కను ఎట్లా చదవాలి?

చౌరస్తా షాపు (హన్మకొండ):
గ్రూపులో కామర్స్ చదివినవాళ్లు, ఆడిటర్ ఆఫీసుల్లో చేసినవాళ్లు ఉన్నారని ఇక్కడ అడుగుతున్నా. మాది ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు, మిక్సీలు అమ్మే షాపు, నేను లెక్కలు రాస్తా. మా సేటు పోయిన నెల తమ ఇంట్లో వాడుకోవడానికి షాపులోంచి ఒక వాషింగ్ మిషన్ పట్టుకుపోయాడు. బిల్లు లేదు, డబ్బు లేదు. ఆడిటర్ దగ్గర పనిచేసే పెద్దాయన వచ్చి స్టాక్ రిజిస్టర్ అంచున పెన్సిల్‌తో "సొంతవాడకాల కింద, కొన్న ధరకు, పన్ను కలిపి" అని రాసి పోయాడు. ఫోన్ చేస్తే ఎత్తట్లేదు, రిటర్నుల టైమ్ కదా. ‘కొన్న ధర’ అర్థమైంది. ‘పన్ను కలిపి’ అంటే ఇప్పుడు కొత్తగా పన్ను కట్టమనా, కొన్నప్పటి పన్నును ధరకు కూడమనా? ఆ మిషన్ మాకు 20,000కు పడింది, దాని మీద 18 శాతం, అంటే 3,600 జీఎస్టీ ఇచ్చి కొన్నాం. అమ్మితే పన్ను కాకుండా 25,000 వస్తది.

ఇంటర్ కామర్స్ మేడం:
‘సొంతవాడకాలు’ మన తెలుగు మీడియం పుస్తకాల మాటే, డ్రాయింగ్స్‌కు దాన్నే వాడతాం. యజమాని వ్యాపారంలోంచి సొంతానికి నగదు తీసుకున్నా సరుకు తీసుకున్నా రెండూ అందులోకే వస్తాయి. సరుకైతే సొంతవాడకాల ఖాతాకు డెబిట్, కొనుగోళ్ల ఖాతాకు క్రెడిట్, 20,000. అమ్మకాల ఖాతా జోలికి పోవద్దు, అది అమ్మకం కాదు కాబట్టి. పిల్లలు పరీక్షలో ఎక్కువగా తప్పుచేసేది ఇక్కడే. పన్ను మాట ఆయన ఎందుకు రాశారో మరి, మా లెక్కల్లో అది ఉండదు.

గల్లా దగ్గరి మనిషి (కరీంనగర్):
అన్నా మా సేటు రోజూ గల్లాలోంచి ఐదొందలు తీసుకుంటడు, దానికి కూడా పన్ను కలపాల్నా? ఇన్నేండ్లు ఎవ్వరూ చెప్పలేదే.

చౌరస్తా షాపు:
నగదు కాదన్నా, నేను అడిగింది సరుకు గురించి.

పాత ఆవర్జా (వరంగల్):
గల్లాలోంచి తీసిన నగదుకు పన్ను లేదు, దాన్ని పక్కన పెట్టండి. మేడం చెప్పింది సగం వరకు సరిగ్గా ఉంది. మిగతా సగం జీఎస్టీ వచ్చాక ఏర్పడ్డది. పెద్దాయన రాసిన మూడు ముక్కల్లో మూడోది అందుకే.

మిషన్ కొన్నప్పుడు మీరు కట్టిన 3,600ను కొనుగోళ్లలో కలపలేదు కదా, విడిగా పన్ను జమగా పెట్టుకున్నారు, రేపు అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడానికి. సరుకు వ్యాపారానికి వాడతారనే ఆ వెసులుబాటు. సేటు ఇంటికి పోయిన సరుకు మీద ఆ జమ దొరకదు, చట్టంలో 17(5) సెక్షన్‌లో సొంత వినియోగానికి వాడిన సరుకు అని స్పష్టంగానే ఉంది. కాబట్టి తీసుకున్న 3,600 వెనక్కి ఇచ్చేయాలి. ఇచ్చేస్తే ఆ భారం ఎవరి మీద పడాలి? షాపు మీద కాదు, సేటు మీదే. అందుకని సొంతవాడకం 20,000 కాదు, 23,600. ‘పన్ను కలిపి’ అంటే అది. కొన్నప్పటి పన్నును కూడమని.

టాలీలో జర్నల్ ఓచర్‌లో ఇట్లా:

```
Drawings A/c   Dr  23,600
  To Purchases A/c      20,000
  To Input CGST A/c      1,800
  To Input SGST A/c      1,800
```

మీరు తెలంగాణ డిస్ట్రిబ్యూటర్ దగ్గరే కొన్నారనుకుని రెండు భాగాలు చేశాను. బయటి రాష్ట్రం బిల్లయితే Input IGST ఒకటే 3,600. తర్వాత ఆ నెల GSTR-3B లో 4(B)(1) దగ్గర ఈ పన్ను చూపించాలి. పుస్తకంలో రాసి రిటర్నులో మరిచిపోతే, ఆ జమను వాడేసుకున్నట్టయితే ఏడాదికి 18 శాతం వడ్డీ పడుతుంది.

బేరం బాగా తెలిసినోడు:
నాకు ఇదంతా చాదస్తం అనిపిస్తుంది. సేటు సొమ్ము సేటే తీసుకున్నాడు. రాయకపోతే ఏమైతది, సరుకూ తగ్గింది, ఆయన మూలధనమూ తగ్గింది, లెక్క సమానమే కదా.

పాత ఆవర్జా:
తమ్ముడూ, ఆస్తి అప్పుల పట్టీ మటుకు చూస్తే నువ్వన్నది దాదాపు నిజమే, తిప్పలు వచ్చేది కూడా దాంతోనే. రాయకుండా వదిలేశారనుకో. మార్చి 31న గోడౌన్‌లో లెక్కపెడితే మిషన్ లేదు, ముగింపు సరుకులో రాదు. కానీ దాన్ని కొన్న 20,000 కొనుగోళ్లలో అట్లనే ఉంది. అంటే అమ్మకుండానే ఖర్చైనట్టు కూర్చుంది, లాభం 20,000 తగ్గింది. ఇన్‌కమ్ టాక్స్ ఆ మేరకు తక్కువ కట్టినట్టే. సొంతవాడకం 23,600 కూడా రాయలేదు కాబట్టి మూలధనం చివరికి పెద్దగా మారదు, లాభం 20,000 తక్కువ, వాడకం 23,600 తక్కువ, తేడా 3,600. ఆ 3,600 కూడా ఎక్కడికీ పోలేదు, ఆస్తుల వైపు అక్కరకు రాని పన్ను జమగా కనబడుతూ ఉంటుంది. పట్టీ రెండు వైపులా సరిపోతుంది, టాలీ ఒక్క తప్పు కూడా చూపించదు.

మరి ఎట్లా పట్టుకుంటరు అంటే, ఒకటి స్థూల లాభం శాతం పడిపోతుంది. పెద్ద షాపులో ఒక మిషన్‌కు తెలియదు, కానీ ఏడాదికి నాలుగైదు వస్తువులు పోయే చిన్న షాపులో నిరుడు పంతొమ్మిది ఉన్నది ఈసారి పదిహేడుకు వస్తే ఆడిటర్ ముందు అదే అడుగుతాడు. రెండోది ఇంకా సులువు, వాషింగ్ మిషన్లకు సీరియల్ నంబర్లుంటాయి. కొన్న నంబర్ ఉంది, అమ్మిన బిల్లు లేదు, గోడౌన్‌లో డబ్బా లేదు. పెద్దాయన స్టాక్ రిజిస్టర్‌లోనే రాశారంటే ఇట్లనే పట్టుకుని ఉంటారు.

చౌరస్తా షాపు:
అవును సార్, నంబర్లతోనే పట్టుకున్నాడు. ఇంకొక డౌట్. సేటు అంటున్నది, పట్టుకుపోయింది 25,000 వస్తువు కాబట్టి 25,000 రాయమని. పేరు మీద ఎక్కువ రాసుకుంటే తప్పేంటి అని.

ఇంటర్ కామర్స్ మేడం:
వద్దు వద్దు. అట్లా రాస్తే మిగతా 5,000 లాభంగా ఎక్కుతుంది. ఎవరికీ అమ్మకుండా లాభం ఎక్కడి నుంచి వచ్చింది? దాని మీద ఇన్‌కమ్ టాక్స్ కూడా కడతారు.

రిటైర్డ్ మనిషి (సుబేదారి):
మేడం చెప్పిన దాని వెనక ఒక పాత కేసుంది. బొంబాయిలో వెండి, షేర్ల వ్యాపారం చేసే కికాభాయ్ ప్రేమ్‌చంద్ అనే ఆయన కొన్ని వెండి కడ్డీలు, షేర్లు వ్యాపారంలోంచి తీసి ట్రస్టుకు పెట్టాడు, పుస్తకాల్లో కొన్న ధరకే తగ్గించాడు. డిపార్ట్‌మెంటు వాళ్లు మార్కెట్ ధర వేసి మధ్యలో లాభం వచ్చిందన్నారు. 1953లో సుప్రీం కోర్టు మెజారిటీ తీర్పులో ఒప్పుకోలేదు, తనతో తాను వ్యాపారం చేసి ఎవడూ లాభం పొందలేడని. ఇంగ్లండ్‌లో 1955లో దీనికి తిరగబడ్డ తీర్పు వచ్చింది, గుర్రాల పెంపకం చేసే ఒకామె తన ఫారం గుర్రాలను సరదా పందేల శాలకు మార్చుకుంటే మార్కెట్ ధర లెక్కేయాలన్నారు. ఇట్లా ఇంటి వాడకానికి తీసుకున్న సరుకుకు మనకు కొన్న ధర పద్ధతే నిలిచింది. మీ సేటుకు చెప్పండి, ఆయనకు 5,000 మీద ఇన్‌కమ్ టాక్స్ మిగులుతుంది కనుక వింటాడు.

నర్సంపేట కిరాణం:
మాది చిన్న కిరాణం, జీఎస్టీలో చిన్న వ్యాపారులకిచ్చే కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నాం. ఇంట్లకు బియ్యం, పప్పు, నూనె అన్నీ షాపులోంచే పోతయి. మా ఆయన ఒక నోట్‌బుక్‌లో "ఇంటి ఖాతా" అని రాసి పెడతడు, మా దగ్గర ‘సొంతవాడకాలు’ అనే మాట ఎవ్వరూ అనరు. మేము కూడా పన్ను వెనక్కి ఇచ్చుడు ఉంటదా?

పాత ఆవర్జా:
ఉండదమ్మా. కాంపోజిషన్‌లో కొన్నప్పుడు పన్ను జమ తీసుకోరు, తీసుకోనిది తిరిగి ఇచ్చేదేముంది. నూనె డబ్బా 2,000, దాని మీద 5 శాతం 100 పడితే మీకు 2,100 మొత్తం కొనుగోళ్లలోనే ఉంటుంది, ఇంటి ఖాతాకు 2,100 రాసి కొనుగోళ్లలోంచి 2,100 తగ్గించండి. నోట్‌బుక్ రాయడం మంచిదే, అది నెలకోసారి అసలు పుస్తకంలోకి ఎక్కితేనే పనికొస్తుంది.

బేరం బాగా తెలిసినోడు:
సరే ఒప్పుకున్నా. మరి మా షాపులోనే ఒక ఫ్యాన్ తీసి కౌంటర్ మీద బిగించినం, అది కూడా సొంతవాడకమేనా?

పాత ఆవర్జా:
కాదు. షాపుకు వాడింది షాపు ఆస్తే, కొన్న ధరకు ఆస్తిగా మార్చుకో, పన్ను జమ అట్లనే ఉంటది. అదే ఫ్యాన్ ఇంట్లో బిగిస్తే మాత్రం వేరే కథ.

ఆడిటర్ ఆఫీసు పిల్ల (కాజీపేట):
నమస్తే, ఇక్కడ ఒకటి అడ్డం చెప్తా. మా సార్ ఇట్లా జమ వెనక్కి ఇవ్వడం కాదు, దాన్ని సరఫరాగా చూసి పన్ను కట్టాలంటారు. జమ తీసుకున్న వ్యాపార ఆస్తిని శాశ్వతంగా బయటికి ఇచ్చేస్తే ప్రతిఫలం లేకపోయినా సరఫరానే అని జీఎస్టీ చట్టం షెడ్యూల్ 1లో ఉంది కదా. అట్లయితే అమ్మే ధర 25,000 మీద 18 శాతం, 4,500 అవుతుంది. 3,600 కాదు.

పాత ఆవర్జా:
ఆ వాదన నాకు తెలుసు. అమ్మడానికి పెట్టిన సరుకు ఆ ‘వ్యాపార ఆస్తి’లోకి వస్తుందా అన్నదే తగవు. సొంత వినియోగానికి జమ ఇవ్వం అని విడిగా ఒక సెక్షన్ పెట్టినప్పుడు, జమ వెనక్కి తీసుకుని మళ్లీ పన్ను కూడా వేయడం కుదరదని నా అభిప్రాయం. షెడ్యూల్ 2లో ఇలాంటిదే చెప్పే చోట ‘ప్రతిఫలం ఉన్నా లేకపోయినా’ అనే మాటల్ని 2020లో వెనకటి తేదీ నుంచి తీసేశారు, నేను దాన్ని కూడా నా వైపే లెక్కేసుకుంటా.

ఆడిటర్ ఆఫీసు పిల్ల:
తీసేసింది షెడ్యూల్ 2లో సార్, షెడ్యూల్ 1 అట్లనే ఉంది. మా సార్ ఒప్పుకోరు.

పాత ఆవర్జా:
ఒప్పుకోకపోతే ఒప్పుకోకపోనీ, ఆయన క్లయింట్‌కు 900 ఎక్కువ కట్టిస్తాడు. రెండు దారుల్లో ఏదైనా ఒకటి పట్టుకుని ఏడాదంతా అదే నడిపించాలి. చౌరస్తా వాళ్ల పెద్దాయన రాసిన మాట ప్రకారం మాత్రం 3,600 దారే, ఎందుకంటే ‘కొన్న ధరకు’ తర్వాతనే ‘పన్ను కలిపి’ ఉంది. అమ్మే ధర మీద పన్ను అనుకుంటే ఆ మనిషి ‘పన్ను కట్టి’ అని రాసేవాడు.

చౌరస్తా షాపు:
నాకు ఇప్పుడు స్పష్టంగా ఉంది. ఎంట్రీ పెట్టేసిన. కానీ టాలీ స్టాక్ చూస్తే మిషన్ ఇంకా ఉన్నట్టే చూపిస్తున్నది.

పాత ఆవర్జా:
చూపిస్తది, జర్నల్ రూపాయలనే కదుపుతుంది, వస్తువును కాదు. స్టాక్ జర్నల్‌లో వెళ్లి ఒక మిషన్‌ను విడిగా తగ్గించండి, సీరియల్ నంబర్ నోట్‌లో రాయండి. అది చేయకుండా మార్చిలో కంప్యూటర్ చూపించే స్టాకునే ముగింపు సరుకుగా పెట్టేస్తే ఈసారి తప్పు తిరగబడుతుంది, కొనుగోళ్లు తగ్గినయి, సరుకు తగ్గలేదు, లాభం 20,000 ఎక్కువైతది.

గల్లా దగ్గరి మనిషి:
మా సేటు మిక్సీ కూడా తీసుకుపోయిండు నిరుడు. పాత ఏడాది లెక్కలు అయిపోయినయి, దాన్ని ఇప్పుడు ఎక్కడ రాయాలె?